క్యాప్సూల్ విప్పడం వేరు, లోపలి పూసల్ని నలపడం వేరు

పెద్ద క్యాప్సూల్ గొంతు దిగక ఇబ్బంది పడుతుంటే పక్కనున్నవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: విప్పి, లోపలిది నోట్లో వేసుకుని నీళ్లు తాగెయ్. కొన్ని మందులకు ఈ సలహా నిక్షేపంగా పనికొస్తుంది. కొన్నిటికి సగమే పనికొస్తుంది. కొన్నిటి విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే, మందును నెమ్మదిగా వదిలే ఏర్పాటు ఆ క్యాప్సూల్‌లో ఏ భాగంలో ఉందో చూడాలి.

బయటి రంగుల తొడుగే ఆ పని చేస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలు జెలటిన్ తొడుగు కడుపులోకి చేరిన కొన్ని నిమిషాలకే మెత్తబడి విచ్చుకుపోతుంది. లోపలి సరుకు చెదిరిపోకుండా పట్టి ఉంచడమే దాని పని. రోజంతా పనిచేయాల్సిన మందుల్లో అసలు ఏర్పాటు సాధారణంగా లోపలి చిన్న చిన్న పూసల మీద ఉంటుంది.

డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే వెన్లఫాక్సిన్‌లో ఎక్స్‌ఆర్, అంటే మందును నెమ్మదిగా వదిలే రకం, క్యాప్సూల్ సంగతి చూద్దాం. చాలా కంపెనీల క్యాప్సూల్ విప్పితే ఆవగింజల్లాంటి పూసలు రాలతాయి. ప్రతి పూసలోనూ మందు ఉంటుంది, దాని చుట్టూ నీటిలో కరగని ఇథైల్ సెల్యులోజ్ కలిసిన పలుచని పూత ఉంటుంది. పేగుల్లోని తడి ఆ పూతలోంచి లోపలికి ఇంకుతుంది, మందు కరిగి మెల్లమెల్లగా బయటికి ఊరుతుంది. మందంతా బయటికొచ్చాక ఖాళీ పూసలు మలంలో కనిపించవచ్చు. అది చూసి మందు ఒంటికి పట్టలేదేమోనని టెన్షన్ పడేవాళ్లున్నారు, ఆ అవసరం లేదు.

కాబట్టి ఈ క్యాప్సూల్‌ను విప్పితే పోయేదేమీ లేదు. తొడుగు కడుపులో చేయాల్సిన పనిని మనం ముందే చేశామంతే. తయారీదారు సూచనల్లో కూడా ఈ పద్ధతి ఉంది: పూసలన్నిటినీ ఒక చెంచా మెత్తని యాపిల్ గుజ్జు మీద చల్లి, నమలకుండా వెంటనే మింగి, గ్లాసుడు నీళ్లు తాగాలి. కలిపి పక్కన పెట్టి, తర్వాత తినకూడదు.

అసలు చిక్కు ‘నమలకుండా’ అన్న దగ్గరే ఉంది. పూస పళ్ల మధ్య నలిగినా, రోట్లో నూరినా పూత పగిలిపోతుంది. అప్పుడు ఇరవై నాలుగు గంటలకు సరిపెట్టిన మందు ఒక్కసారిగా బయటపడుతుంది. ఫలితం ఎలా ఉంటుందో ఊహించడానికి ఈ మందు లేబుల్‌లోని ఒక పోలిక బాగా ఉపయోగపడుతుంది. 150 మిల్లీగ్రాముల ఎక్స్‌ఆర్ క్యాప్సూల్ రోజుకొకటి వేసుకుంటే ప్లాస్మాలో మందు మోతాదు దాదాపు 5.5 గంటలకు పతాకస్థాయికి, అంటే మిల్లీలీటరుకు 150 నానోగ్రాములకు చేరుతుంది. అదే మందు మామూలు మాత్రగా 75 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రెండుసార్లు వేసుకుంటే రెండు గంటలకే 225కు ఎగబాకుతుంది. విడతకు సగం మందే వేసుకున్నా శిఖరం ఎక్కువ. ఇక పూత పగిలిన 150 మిల్లీగ్రాములు ఒకే దఫాలో లోపలికి వెళ్తే ఆ శిఖరం ఇంకా పైకి పోతుందని వేరే చెప్పాలా?

మనిషికి ఇది రెండు విధాలుగా తెలుస్తుంది. వేసుకున్న కొన్ని గంటలకే వికారం, చెమటలు, గుండె దడ వస్తాయి, బీపీ పెరగవచ్చు. మర్నాటి డోసు టైమ్ దగ్గరపడేసరికి మందు సన్నగిల్లి తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు షాకు కొట్టినట్టుండడం మొదలవుతాయి. ఒకే రోజులో అతి మోతాదు, ఆ తర్వాత మందు మానేసిన లక్షణాలు, రెండూ. మందు పడట్లేదని మానేయాలనుకునే ముందు, దాన్ని ఎలా వేసుకుంటున్నామో డాక్టరుకు చెప్పడం మంచిది.

ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్ పూసల కథ వేరు. వాటి పూత మందును నెమ్మదిగా వదలడానికి కాదు, ఆలస్యంగా వదలడానికి. ఈ మందు కడుపులోని ఆమ్లంలో పాడైపోతుంది. అందుకే ఆమ్లంలో కరగకుండా, పేగుల్లో ఆమ్లం తగ్గాకే కరిగే పూత వేస్తారు. ఈ క్యాప్సూల్‌నూ విప్పవచ్చు, కానీ దేనితో కలుపుతున్నామన్నది ముఖ్యం. యాపిల్ గుజ్జులో పులుపు ఉంటుంది కాబట్టి పూత నిలుస్తుంది. పాలలో పులుపు లేదు, వాటిలో కలిపి ఉంచితే పూత ముందే కరగడం మొదలుపెట్టి, కడుపులోకి చేరేసరికి మందుకు రక్షణ పోతుంది. నూరితే సరేసరి. ఇక్కడ అతి మోతాదు భయం లేదు, మందు పనిచేయకపోవడమే నష్టం. అది వెంటనే తెలియదు కూడా. మంట తగ్గట్లేదని డోసు పెంచుకుంటూ పోయేవాళ్లు ఉంటారు.

ఇంతవరకు చదివి, పూసలుంటే విప్పవచ్చన్నమాట అనుకుంటే మాత్రం దెబ్బతింటాం. రక్తం గడ్డకట్టకుండా వాడే డాబిగాట్రాన్ క్యాప్సూల్‌లోనూ పూసలే ఉంటాయి. అది రోజంతా నెమ్మదిగా వదిలే రకం కూడా కాదు. అయినా తొడుగు తీసేసి పూసలు మాత్రమే మింగితే ఒంటికి పట్టే మందు 75 శాతం దాకా పెరుగుతుంది. రక్తాన్ని పలచబరిచే మందు అంత పెరిగితే రక్తస్రావం ముప్పు ఎంతో చెప్పక్కర్లేదు. ప్రోస్టేట్ ఇబ్బందులకిచ్చే టామ్సులోసిన్ క్యాప్సూల్‌నూ విప్పవద్దనే లేబుల్ చెబుతుంది. అంటే పూసలు కనబడడం ఒక ఆనవాలే గాని అనుమతి కాదు. పైగా ఒకే మందును ఒక కంపెనీ పూసలుగా, మరొకటి చిట్టి మాత్రలుగా నింపవచ్చు. పాత డబ్బాలో పనికొచ్చిన పద్ధతి కొత్త డబ్బాకు వర్తిస్తుందో లేదో ఫార్మసిస్టును అడగాల్సిందే.

లోపల మామూలు పొడి ఉండి, పేరు వెనక నెమ్మదిగా వదిలే రకమని చెప్పే ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్ లాంటి అక్షరాలు లేకపోతే విప్పడానికి సాధారణంగా అవకాశం ఎక్కువ. చేదు భరించాలి, అంతే. అవయవ మార్పిడి అయినవాళ్లకిచ్చే మైకోఫినోలేట్ లాంటివి దీనికి మినహాయింపు: గర్భస్థ శిశువుకు హాని చేసే మందు కాబట్టి ఆ పొడి పీల్చకూడదు, చర్మానికి తగలకూడదు, క్యాప్సూల్ విప్పకూడదు.

అసలు విప్పాల్సిన అవసరమే రాకపోవచ్చు. క్యాప్సూల్ నీటికంటే తేలిక, నోట్లో నీళ్ల మీద తేలుతుంది. తల వెనక్కి వాలిస్తే అది పళ్లవైపుకి తేలుతుంది, నీళ్లు మాత్రం గొంతులోకి పోతాయి. గడ్డం ఛాతీవైపు వంచి మింగితే క్యాప్సూలే గొంతువైపుకి తేలుతుంది. జర్మనీలోని హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా ముందుకు వంగి మింగినవాళ్లలో ఎక్కువమందికి సులువైంది. ఇది క్యాప్సూళ్లకే, మునిగే మాత్రలకు కాదు. పక్షవాతం లాంటి జబ్బు వల్ల మింగడమే కష్టమైనవాళ్లు దీన్ని సొంతంగా ప్రయత్నించకూడదు.

అదీ కుదరకపోతే డాక్టరు మందు రూపాన్నే మార్చవచ్చు. వెన్లఫాక్సిన్ విషయంలో 150 మిల్లీగ్రాముల ఎక్స్‌ఆర్ ఒకటికి బదులు 75 మిల్లీగ్రాముల మామూలు మాత్ర పూటకొకటి చొప్పున రెండు పూటలా అవుతుంది. మొత్తం అంతే, చిన్న మాత్ర, నలిపినా పాడయ్యే పూత లేదు. రెండో పూట మర్చిపోకుండా ఉండటమే అక్కడ కష్టం.