ఆటో క్యాప్షన్లు: చదివితే దొరకని తప్పులు

"క్యాప్షన్లు మొత్తం చదివాను సార్, ఒక్క తప్పూ లేదు." వ్యవసాయ వీడియోల క్యాప్షన్లు సరిచేసే పనిలో నాకు తరచూ వినిపించే మాట ఇది. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

అపోహ: చదివితే తప్పులన్నీ దొరుకుతాయి.

దొరకవు. అర్థంలేని మాట పడితే కంటికి తగులుతుంది. అర్థమున్న వేరే మాట పడితే తగలదు. ఈమధ్య వచ్చిన ఫైల్లోని ఒక ముక్క చూడండి:

```
14
00:03:12,400 --> 00:03:15,900
ఊరిలో పాము కూడా తెగులు కనిపిస్తే
```

"పాము కూడా" దగ్గర ఎవరైనా ఆగుతారు. అది పాముపొడ తెగులు. "ఊరిలో" దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. వీడియోలో మాట్లాడినాయన అన్నది "వరిలో". మా సెర్చ్ ఈ అక్షరాల మీదే నడుస్తుంది కాబట్టి, "వరి పాముపొడ" అని వెతికిన రైతుకు ఈ ముక్క కనిపించదు. అందుకే హెడ్‌ఫోన్ పెట్టుకుని, వింటూ చూడాలి. టైం లేకపోతే కనీసం పంట, తెగులు, మందు, మోతాదు చెప్పే చోట్లయినా వినాలి.

అపోహ: ఒక్కసారి "రీప్లేస్ ఆల్" కొడితే అయిపోతుంది.

"ఊరి" బదులు "వరి" అని అలా కొట్టేశారు ఒకరు. "ఊరికే మందు కొట్టకండి" అన్న సలహా "వరికే మందు కొట్టకండి" అయింది. తెలుగులో మాట చివర ప్రత్యయాలు అతుక్కుంటాయి, అదే అక్షరాలతో వేరే మాటలూ మొదలవుతాయి. ఒక్కొక్కటీ చూసి మార్చాల్సిందే.

నేను పని మొదలుపెట్టే ముందే వీడియోలో వచ్చే పేర్లు కాగితం మీద రాసుకుంటాను. మందు పేరు ప్యాకెట్ మీద ఎలా ఉంటే అలాగే: ట్రైసైక్లజోల్, హెక్సాకొనజోల్. రకం పేరు రైతులు వెతికేలా: బీపీటీ 5204. "యాభై రెండు సున్నా నాలుగు" అని చెబితే క్యాప్షన్‌లో "52 0 4" అని విడిపోతుంది, దాన్ని కలపాలి. సాంబ మసూరి అన్నా అదే రకం, కానీ మాట్లాడినవారు ఆ పేరు అనకపోతే నేను చేర్చను.

అపోహ: అక్షరాలు మారిస్తే టైమింగ్ పోతుంది.

పోదు. బాణం గుర్తున్న వరుసను ముట్టుకోకుండా UTF-8లో సేవ్ చేయండి.

అపోహ: తప్పు బయటపడితే వీడియో తీసేయాలి.

ఒక రిటైర్డ్ వ్యవసాయాధికారి రాత్రి పదింటికి ఫోన్ చేశారు. అగ్గి తెగులుకు లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ అని ఆయన చెబితే, క్యాప్షన్‌లో "6 గ్రాములు" అని పడింది. పదింతలు! "నా మాట నమ్మి ఎవరైనా కొట్టేస్తే?" అని ఆయన గొంతు వణికింది. ఆ టెన్షన్ న్యాయమైనదే. కానీ వీడియో తీయక్కర్లేదు, క్యాప్షన్ ఫైల్ ఒక్కటి మారిస్తే చాలు. ఫోన్ పెట్టకుండానే మార్చేశాం. మర్నాడు ఆయన తన పాత వీడియోల్లో మోతాదు చెప్పిన చోట్లన్నీ విని, ఇంకో రెండు తప్పులు పట్టి పంపారు.