కస్టమర్ డేటా తొలగింపు పరీక్ష: ‘సున్నా వరుసలు’ వస్తే తొలగినట్టేనా?

కస్టమర్ తన వివరాలు తొలగించమని కోరితే ఆ తొలగింపు నిజంగా జరిగిందో లేదో పరీక్షించడం కొన్నేళ్లుగా నా పని. ఇందులో రుజువు పేరుతో నా దగ్గరకు తరచూ వచ్చేది ఒక స్క్రీన్‌షాట్: కస్టమర్ ఐడీతో రాసిన క్వెరీ, దాని కింద సున్నా వరుసలు, పక్కన ‘పాస్’ అన్న మాట. పంపినవారిని తప్పుపట్టలేను. మొదటి ఏడాది నేనూ అలాంటివే పంపాను.

అపోహ: ఐడీతో వెతికితే ఏమీ రాలేదు కాబట్టి డేటా పోయింది.

తొలగింపు ప్రోగ్రామ్ ఏ ఐడీ పట్టుకుని చెరిపిందో, మనమూ అదే ఐడీ పట్టుకుని వెతుకుతున్నాం. దానికి కనబడనిది మనకూ కనబడదు. సపోర్ట్ టికెట్ ఫోన్ నంబరు మీద ఉంటుంది, డెలివరీ చిరునామా ఆర్డర్ నంబరు మీద ఉంటుంది, అనలిటిక్స్ కాపీలో ఈమెయిల్ హ్యాష్ మాత్రమే ఉంటుంది. ఇంతకన్నా ఇబ్బందికరమైనది మరొకటుంది: కొన్ని టేబుళ్లలో ప్రోగ్రామ్ వరుసను తొలగించదు, అందులోని `customer_id`ను మాత్రం `NULL` చేసి వదిలేస్తుంది. అప్పుడు పేరూ చిరునామా చెక్కుచెదరకుండా ఉన్నా, ఐడీతో అడిగిన ప్రశ్నకు సున్నా అనే జవాబే వస్తుంది.

అందుకే ఐడీతో కాకుండా విలువతో వెతకాలి. దానికి ఒక టెస్ట్ కస్టమర్‌ను సృష్టించి, పేరు, ఈమెయిల్, చిరునామా, డెలివరీ సూచన, సపోర్ట్ టికెట్ అన్నింటిలోనూ మరెక్కడా కనబడని ఒక గుర్తును, ఉదాహరణకు `zqvm7391`ను, చొప్పించాలి. అసలు కస్టమర్ లాగానే ఆర్డర్లు పెట్టి, ఫిర్యాదు చేసి, బిల్లు తీసుకుని, రాత్రి జాబ్ నడిచి అనలిటిక్స్ కాపీ తయారయ్యేదాకా ఆగాలి. తర్వాత, తొలగింపు కోరే ముందే, ప్రతిచోటా ఆ గుర్తుతో, హ్యాష్ మాత్రమే ఉన్నచోట టెస్ట్ ఈమెయిల్ హ్యాష్‌తో, వెతికి ఎన్ని దొరికాయో రాసిపెట్టుకోవాలి.

```
SELECT count(*) FROM orders
WHERE delivery_note LIKE '%zqvm7391%';
```

ఈ ముందు లెక్క వదిలేసేవారే ఎక్కువ. ఉన్నప్పుడు దొరకనిది తొలగించాక దొరకకపోతే అది దేనికీ రుజువు కాదు.

నేను పనిచేసిన ఒక సరుకుల డెలివరీ సంస్థలో ఇది ఎలా నడిచిందో చెబుతాను. ప్రధాన డేటాబేస్‌లో గుర్తు 14 వరుసల్లో దొరికింది. మా సెర్చ్ ఇండెక్స్ అయిన ఎలాస్టిక్‌సెర్చ్‌లో 5 డాక్యుమెంట్లు ఉండాలి, వెతికితే 3 మాత్రమే వచ్చాయి. మిగిలిన రెండింటిలో గుర్తు డెలివరీ సూచన ఫీల్డ్‌లో మాత్రమే ఉంది. ఆ ఫీల్డ్‌కు మ్యాపింగ్‌లో `"index": false` అని ఉంది కనుక అది డాక్యుమెంట్‌లో నిల్వ ఉంటుంది గానీ సెర్చ్‌కు అందదు. ముందు లెక్క చూసుకోకపోతే ఆ రెండూ పోయాయనే అనుకునేవాళ్లం. ఆ ఆర్డర్ నంబర్లు రాసుకుని, డాక్యుమెంట్లను నేరుగా తెరిచి చూడాలని నిర్ణయించాం.

తొలగింపు నడిచాక ఐడీతో వెతికితే ఎక్కడా ఏమీ లేదు. గుర్తుతో వెతికితే మాత్రం ప్రధాన డేటాబేస్‌లో మూడు వరుసలు మిగిలాయి. ఒకటి జీఎస్టీ బిల్లు. వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఆ రికార్డులు ఉంచాలని చట్టమే చెబుతోంది కనుక అది ఉండాల్సిందే. అది పోయి ఉంటే పరీక్ష ఫెయిల్ అని రాసేవాణ్ని. మిగతా రెండూ `customer_id` ఖాళీ అయి, చిరునామాతో సహా అలాగే ఉన్న ఆర్డర్ వరుసలు.

సెర్చ్ ఇండెక్స్‌లో ఒక డాక్యుమెంట్ తిరిగి పుట్టింది. తొలగింపు జరిగే సమయానికి ‘ఆర్డర్ డెలివరీ అయింది’ అన్న సందేశం ఒకటి క్యూలో ఎదురుచూస్తోంది. అందులో చిరునామా కూడా ఉంది. డాక్యుమెంట్ చెరిగిన కాసేపటికి, ఇండెక్స్‌లోకి రాసే ప్రోగ్రామ్ అయిన ఇండెక్సర్ ఆ సందేశాన్ని అందుకుని, డాక్యుమెంట్ లేదు గనుక కొత్తది రాసేసింది. మాకది అదృష్టం కొద్దీ దొరికింది; అదృష్టం మీద ఆధారపడకూడదు కనుక అప్పటినుంచి కావాలనే అలా చేస్తున్నాం. ఇండెక్సర్‌ను ఆపి, ఆర్డర్‌లో ఒక మార్పు చేసి, తొలగింపు నడిపి, ఆ తర్వాత ఇండెక్సర్‌ను మళ్లీ మొదలుపెడతాం. ఎవరెవరిని తొలగించామో నమోదు చేసే తొలగింపుల జాబితాను రాసే ముందు చూసుకునే ఇండెక్సర్ మాత్రమే ఈ పరీక్ష నెగ్గుతుంది.

అనలిటిక్స్ కాపీలో ఏదీ కదలలేదు. రాత్రి జాబ్ `updated_at` మారిన వరుసలను మాత్రమే తెచ్చుకుంటుంది. తొలగిపోయిన వరుసకు మారే తేదీ ఎక్కడిది? మూలంలో పోయిన సంగతి కాపీకి ఎన్నటికీ తెలియదు. దాని కోసం తొలగింపును విడిగా అక్కడికి పంపాల్సి వచ్చింది.

అపోహ: బ్యాకప్‌లన్నీ తెరిచి ఆ కస్టమర్‌ను చెరపకపోతే చట్టాన్ని ఉల్లంఘించినట్టే.

ఈ వదంతి ఎక్కడ మొదలైందో గానీ, ఎన్నో సమావేశాలను మింగేసింది. బ్యాకప్ ఫైళ్లను తెరిచి దిద్దడం మొదలుపెడితే అవి అవసరానికి పనికొస్తాయన్న నమ్మకమే పోతుంది. తొలగింపు కోరికకు నెలలోగా జవాబివ్వాలన్న నియమం పాటించే బ్రిటన్‌లో కూడా, బ్యాకప్‌లోని డేటాను గడువు తీరి చెరిగేదాకా వాడకానికి అందకుండా ఉంచవచ్చని, ఆ సంగతి కస్టమర్‌కు స్పష్టంగా చెప్పాలని అక్కడి నియంత్రణ సంస్థ ఐసీఓ సూచిస్తోంది. అయితే కస్టమర్ల ఆందోళన వదంతి కాదు. “బ్యాకప్‌లో ఉంటే ఎప్పుడో ఒకరోజు మళ్లీ బయటికి రాదా?” అని ఒకావిడ సపోర్ట్‌కు రాశారు. వస్తుంది. పరీక్షించాల్సింది సరిగ్గా దాన్నే.

సోమవారం బ్యాకప్ తీయండి, మంగళవారం టెస్ట్ కస్టమర్‌ను తొలగించండి, బుధవారం ఆ సోమవారపు బ్యాకప్‌ను విడి సర్వర్ మీద రిస్టోర్ చేయండి. గుర్తు దొరకాలి, దొరక్కపోతే మీరు రిస్టోర్ చేసింది ఆ బ్యాకప్ కాదు. ఆ తర్వాత తొలగింపుల జాబితాను దాని మీద నడిపి మళ్లీ వెతకండి. మేము మొదటిసారి ఇక్కడే బోల్తాపడ్డాం: ఆ జాబితా అదే డేటాబేస్‌లో ఒక టేబుల్‌గా ఉండటం వల్ల, రిస్టోర్‌తో పాటు అదీ సోమవారానికి వెనక్కి వెళ్లిపోయింది, మంగళవారపు తొలగింపు అందులో లేదు. జాబితా వేరే చోట ఉండాలి, అందులో అంతర్గత ఐడీ, తేదీ తప్ప పేరూ ఫోనూ ఉండకూడదు, అన్నింటికన్నా పాత బ్యాకప్ గడువు తీరేదాకా అది నిలవాలి. బ్యాకప్‌లు 35 రోజులు ఉంచే చోట 30 రోజులకే చెరిగే జాబితాను నేను చూశాను.

మిగతావి క్లుప్తంగా. ఫోన్ నంబరును హ్యాష్ చేస్తే అనామకమైపోయిందనేది అపోహ. మన మొబైల్ నంబర్లు పది అంకెలవి, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. మొత్తం కలిపినా 400 కోట్లే. అన్నింటినీ హ్యాష్ చేసి పోల్చడం మామూలు కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. `docs.deleted` సంఖ్య కనబడుతోందని కంగారు పడటం కూడా అనవసరం. ఎలాస్టిక్‌సెర్చ్ చెరిపిన డాక్యుమెంట్ల మీద ముందు ‘తొలగింది’ అన్న ముద్ర మాత్రం వేసి, సెగ్మెంట్లు కలిసినప్పుడు డిస్క్ నుంచి తీసేస్తుంది. కావాల్సింది ఆ విలీనం ఎన్నాళ్లలో జరుగుతుందో తెలుసుకోవడం.

టెస్ట్ కస్టమర్ ఈమెయిల్ పెట్టెను మాత్రం పరీక్ష ముగిసిందని మూసేయకండి. పైన చెప్పిన సంస్థలో అన్నీ సరిదిద్ది, అన్నిచోట్లా సున్నా చూసుకున్న మూడు వారాలకు, ఆ పెట్టెలోకి `zqvm7391` గారికి ఉగాది శుభాకాంక్షలు, పప్పుల మీద తగ్గింపు వచ్చాయి. మార్కెటింగ్ విభాగం ఎప్పుడో ఎక్సెల్‌లోకి దించుకుని, ప్రచార సందేశాలు పంపే బయటి ఏజెన్సీకి ఇచ్చిన జాబితా అది. మా వ్యవస్థల పటంలో ఆ ఏజెన్సీ పేరే లేదు.