మరిదిని మరిది చేసేది ఎవరి వయసు?

పెళ్లయి అత్తవారింటికి వచ్చిన సుజాతకు ఇరవై ఎనిమిదేళ్లు. భర్త రవికి ముప్పై. రవి తమ్ముడు కిరణ్‌కు ఇరవై తొమ్మిది. కిరణ్ తన కంటే ఏడాది పెద్దవాడు కాబట్టి ఆమె అతన్ని ‘బావగారూ’ అని పిలవాలా? అక్కర్లేదు. అతను ఆమెకు మరిదే. పిలుపులో మర్యాద కోసం ‘మీరు’ అనవచ్చు గాని, వరస మాత్రం మారదు.

బావ, మరిది, వదిన, మరదలు. ఈ రెండు జంటల్లోనూ మొదటి మాట పెద్దవారికి, రెండోది చిన్నవారికి. ఎవరి కంటే పెద్ద అన్న దగ్గరే చాలామంది తడబడతారు. పెళ్లితో కలిసిన చుట్టరికంలో పోలిక ఎప్పుడూ తోబుట్టువుల మధ్యే ఉంటుంది. కిరణ్‌ను పోల్చాల్సింది సుజాతతో కాదు, రవితో. రవి కంటే చిన్నవాడు కాబట్టి మరిది. అలాగే అక్క భర్త మన కంటే ఆరు నెలలు చిన్నవాడైనా బావే, ఎందుకంటే అక్క మనకు పెద్దది. అన్న భార్య మన కంటే నాలుగేళ్లు చిన్నదైనా వదినే. నేరుగా మన వయసుతో పోల్చి చూసేది మేనత్త పిల్లల్ని, మేనమామ పిల్లల్ని మాత్రమే. వాళ్లతో వరస పెళ్లి వల్ల కాదు, పుట్టుకతోనే వచ్చింది కదా.

ఇప్పుడు సుజాత అత్తవారింట్లో ఒక్కొక్కరినీ చూద్దాం. రవి అన్న మోహన్, ఆయన భార్య గీత. రవి అక్క పద్మ, ఆమె భర్త శ్రీధర్. మోహన్ రవికి అన్న గనుక సుజాతకు బావగారు. పద్మ ఆడపడుచు, రవికి పెద్దది గనుక వదిన. ఇంతవరకు ఎవరికీ అనుమానం రాదు. అసలు తప్పులు దొర్లేది గీత, శ్రీధర్‌ల దగ్గర. రవి గీతను ‘వదినా’ అంటాడు, శ్రీధర్‌ను ‘బావా’ అంటాడు. అది విని సుజాత కూడా అలాగే పిలిస్తే వరస తప్పినట్టే. ఆమెకు గీత అక్క, శ్రీధర్ అన్నయ్య.

ఎందుకంటే మన తరంలోని మనుషులందర్నీ తెలుగు వరసలు రెండు పక్కలుగా విడదీస్తాయి. ఒక పక్క అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు. మరో పక్క బావ, మరిది, వదిన, మరదలు. పెళ్లి జరిగిన ప్రతిచోటా పక్క మారుతుంది. అన్న ఈ పక్కవాడు, కాబట్టి అతని భార్య ఆ పక్క మనిషి, అంటే వదిన. బావ ఆ పక్కవాడు, కాబట్టి అతని భార్య ఈ పక్కకు వచ్చి అక్క అవుతుంది. వదిన భర్త అన్న. మరిది భార్య చెల్లెలు. మరదలి భర్త తమ్ముడు. ఈ చక్రం ఎటు తిప్పినా మూసుకుంటుంది. సుజాతకు శ్రీధర్ వదిన భర్త, అంటే అన్నయ్య. గీత బావగారి భార్య, అంటే అక్క. గీతకు ఇరవై ఆరేళ్లే ఉన్నా, సుజాత కంటే రెండేళ్లు చిన్నదే అయినా, తోడికోడళ్లలో పెద్ద ఆమే.

ఈ లెక్క సరిగ్గా ఉందో లేదో చూడాలంటే రామాయణంలో ఒక ఇంటిని తీసుకుంటే చాలు. సీత, ఊర్మిళ అక్కచెల్లెళ్లు. రామలక్ష్మణులు అన్నదమ్ములు. భర్తల వైపు నుంచి వస్తే ఊర్మిళకు రాముడు భర్త అన్న, కాబట్టి బావ. సీత బావ భార్య, కాబట్టి అక్క. పుట్టింటి వైపు నుంచి వస్తే సీత అక్క, రాముడు అక్క భర్త, కాబట్టి బావ. రెండు దారుల్లో వచ్చినా ఒకే మాట దొరికింది. తోడికోడళ్లు ఒకరినొకరు అక్కా, చెల్లీ అని పిలుచుకోవడం కేవలం మర్యాద కోసం కాదని, వరసే అదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మగవాడి వైపు నుంచి చూసినా లెక్క ఇదే. రవికి సుజాత అన్న బావ, తమ్ముడు బావమరిది. మాటల్లో చెప్పేటప్పుడు భార్య అన్ననైనా తమ్ముణ్నైనా బావమరిదే అంటారు, ‘మా పెద్ద బావమరిది’ అన్నట్టు. నోట ఇది ‘బామ్మర్ది’ అవుతుంది. కాని పెద్దాయన్ని ఎదురుగా పిలవాల్సి వస్తే ‘బావా’, ‘బావగారూ’ అనాల్సిందే. సుజాత అన్న భార్యను సుజాత వదినా అంటుంది. రవికి ఆమె బావ భార్య, అందుకని అక్క. ఈ మధ్య పెళ్లైన మగవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే, భార్య నోట విన్న ‘వదిన’నే తామూ అందుకుంటారు. భార్య అక్క మాత్రం రవికి నిజంగానే వదిన. ఆమె భర్త, అంటే రవి తోడల్లుడు, అన్నయ్య. భార్య నోటి వరసను భర్త, భర్త నోటి వరసను భార్య ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. తన వైపు నుంచి మళ్లీ లెక్క కట్టుకోవాలి. ఒక తరం పైకి వెళ్లినా ఇంతే. రవికి మేనమామ అయినవాడు సుజాతకు అత్తగారి తోబుట్టువు, కాబట్టి బాబాయి గాని పెదనాన్న గాని అవుతాడు, మామయ్య కాడు.

ఇలాంటి అమరిక మేనరికం మీద నిలబడింది. అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రపంచ భాషల చుట్టరికపు మాటల పట్టికలు ప్రచురించినప్పుడు అందులో తమిళం, తెలుగు, కన్నడ కూడా ఉన్నాయి. నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు మనకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ. నాన్న అక్కచెల్లెళ్ల పిల్లలు, అమ్మ అన్నదమ్ముల పిల్లలు మాత్రం బావలూ మరదళ్లూ. చాలా ద్రావిడ భాషల్లో ఈ విభజన కనబడుతుంది. 1953లో ఫ్రెంచి పండితుడు లూయీ ద్యుమోఁ దీన్ని ఇంకో వైపు నుంచి చదివాడు. మేనత్త కొడుకును రక్తబంధువుగా కాక, పుట్టుకతోనే పెళ్లిసంబంధపు చుట్టంగా చూడాలన్నాడు. అత్త అంటే మేనత్తా అవుతుంది, భర్త తల్లీ అవుతుంది. మామ అంటే మేనమామా అవుతాడు, భార్య తండ్రీ అవుతాడు. మేనత్త కొడుకును చేసుకున్న అమ్మాయికి పెళ్లయ్యాక కొత్తగా నేర్చుకోవాల్సిన మాట ఒక్కటీ ఉండదు. భర్త తమ్ముడు చిన్నప్పటి నుంచీ ఆ పక్కవాడే. ఇక్కడ మాత్రం చిన్న మెలిక ఉంది. భర్త తమ్ముడు ఆమె కంటే వయసులో పెద్దవాడైతే, పుట్టింటి లెక్కలో బావ, పెళ్లి లెక్కలో మరిది. సాధారణంగా చిన్నప్పటి పిలుపే నిలుస్తుంది.

దుర్యోధనుడు కృష్ణుడికి బావ ఎలా అయ్యాడన్నదీ ఈ లెక్కతోనే తేలుతుంది. కుంతి వసుదేవుడి చెల్లెలు, కృష్ణుడికి మేనత్త. ఆమె భర్త పాండురాజు, పాండురాజు అన్న ధృతరాష్ట్రుడు. అన్నదమ్ముల పిల్లలు ఒకే పక్క గనుక కుంతి కొడుకులు ఏ పక్కో దుర్యోధనుడూ ఆ పక్కే. తర్వాత కృష్ణుడి కొడుకు సాంబుడు దుర్యోధనుడి కూతురు లక్షణను పెళ్లాడాడు, అంటే తండ్రులిద్దరూ వియ్యంకులయ్యారు. వియ్యంకులు కూడా ఒకరినొకరు ‘బావగారూ’ అనే పిలుచుకుంటారు. వియ్యపురాళ్లు ఒకరికొకరు వదినగార్లు. వియ్యంకుణ్ని వియ్యపురాలు ‘అన్నయ్యగారూ’ అంటుంది, ఆయన ఆమెను ‘చెల్లెమ్మా’ అనో ‘అక్కయ్యగారూ’ అనో అంటాడు. పిల్లల పెళ్లితోనూ అదే చక్రం తిరుగుతుంది.

ఇక పిలుపుల సంగతి. చుట్టరికం చెప్పే మాట, పిలిచే మాట ఒకటే కానక్కర్లేదు. బావ, వదిన, అక్క, అన్నయ్య నేరుగా పిలవడానికి పనికొస్తాయి. మరిది, మరదలు ఎక్కువగా ‘ఈయన మా మరిది’ అని పరిచయం చేయడానికి వాడే మాటలు. ఎదురుగా ఉన్నప్పుడు పేరు పెట్టో, ‘బాబూ’ అనో, కొన్ని ఇళ్లలో ‘మరిదిగారూ’ అనో పిలుస్తారు. వదినను మరిది పేరు పెట్టి పిలవడు, ఆమె మాత్రం అతన్ని పేరు పెట్టి పిలవవచ్చు. ‘బావ’ మాటలోనూ తేడా ఉంది. అక్క భర్తను చనువుగా ‘బావా’ అనేస్తారు. భర్త అన్నకు మాత్రం ‘గారు’ తప్పదు. పాతకాలపు ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుటకు రావడానికి, ఆయనతో నేరుగా మాట్లాడడానికి వెనుకాడేది. మరిదితో మాత్రం వేళాకోళాలు సాగేవి. ఇద్దరూ భర్త తోబుట్టువులే, అయినా మెలిగే తీరు వేరు. తెలంగాణలో ఆడపడుచు ఆడబిడ్డ, తోడికోడలు యారాలు, తోడల్లుడు సడ్డకుడు. మాటలు మారినా చక్రం అదే.

లెక్క మర్యాదకు దారి ఇచ్చే చోట్లూ ఉన్నాయి. రవి చెల్లెలు స్వాతి సుజాతకు వరసకు మరదలు. ఆమె భర్త లెక్క ప్రకారం తమ్ముడు కావాలి. కాని అతను ఆ ఇంటి అల్లుడు, సుజాత కంటే పెద్దవాడు కూడా. అందుకని ‘అన్నయ్యగారూ’ అనే పిలుస్తుంది. రవి కూడా చెల్లెలి భర్తను ‘బావగారూ’ అనే అంటాడు. పక్క మారలేదు, చిన్నరికం మాత్రం పెద్దరికమైంది. అల్లుడి విషయంలో వయసు లెక్కను పక్కన పెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే.

చక్రం నిజంగా చిక్కుపడేది అక్క కూతురిని చేసుకున్నప్పుడు. అప్పుడు తరమే మారిపోతుంది. అంతవరకు బావ అయినవాడు మామగారవుతాడు, అక్క అత్తగారవుతుంది, మేనల్లుడు బావమరిది అవుతాడు. పెళ్లికూతురికైతే అమ్మమ్మే అత్తగారు. నిన్నటిదాకా ‘అక్కా’ అన్న నోటితో ‘అత్తయ్యా’ అనడం ఎవరికైనా కష్టమే. అందుకే అలాంటి ఇళ్లలో మామూలుగా పాత పిలుపే సాగుతుంది. అతను అక్కను అక్కా అనే పిలుస్తాడు, ఆమె అమ్మమ్మను అమ్మమ్మా అనే పిలుస్తుంది. శుభలేఖలో రాసేటప్పుడు, కొత్తవాళ్లకు పరిచయం చేసేటప్పుడు మాత్రం పెళ్లి వరస చెబుతారు. ఆ దంపతుల పిల్లలకు మాత్రం ఆ అక్క అమ్మ తల్లీ అవుతుంది, నాన్న అక్కా అవుతుంది. వాళ్లు ఎటు నుంచి పిలవాలో పుట్టినప్పుడే పెద్దలు తేల్చి అలవాటు చేస్తారు, ఎక్కువగా ‘అమ్మమ్మ’ అనే.