అమ్మమ్మ దగ్గు, ఉయ్యాల్లో పాప

"మా అమ్మకు 18 రోజులుగా దగ్గు. జ్వరం లేదు. పగలు మామూలుగానే ఉంటుంది, రాత్రి మొదలైతే ఆగదు, ఒక్కోసారి వాంతితో గానీ తెరిపి రాదు. చెల్లి పురిటికి వచ్చి ఇక్కడే ఉంది, పాపకు 25 రోజులు. పాపకు స్నానం పోసేది, ఎత్తుకునేది అమ్మే. ఇది ఎలర్జీయేనా?" అని ఒక పాఠకుడు అడిగారు.

ఎలర్జీ కావచ్చు. కానీ ఈ వర్ణన వింటే నాకు ముందు గుర్తొచ్చేది కోరింత దగ్గు. ఇంగ్లీషులో దీన్ని పెర్టుసిస్ అంటారు, డీపీటీ టీకాలో మధ్య అక్షరం దీనిదే. చిన్నప్పుడు వేసిన ఆ టీకా రక్షణ కొన్నేళ్లకు తగ్గిపోతుంది. ఈ జబ్బు పిల్లలదని బడిలో చదువుకోవడం వల్ల పెద్దవాళ్ల దగ్గుకు ఈ పేరు మనకు తట్టదు.

ఈ జబ్బు తెచ్చే బాక్టీరియా చేసే పని నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. మన శ్వాసనాళం లోపలి గోడ నిండా కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకలుంటాయి. వాటిని శైలికలంటారు. సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూ, దుమ్మునీ సూక్ష్మజీవులనీ అంటించుకున్న కఫాన్ని గొంతు వైపు తోస్తుంటాయి. రాత్రీ పగలూ ఊడ్చే చీపుళ్లన్నమాట. కోరింత దగ్గు బాక్టీరియా వచ్చి ఆ చీపుళ్లకే అతుక్కుంటుంది. అక్కడ తన గోడలోని చిన్న ముక్కలను వదులుతుంది. జంతువుల శ్వాసనాళం మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఈ ముక్కలు చీపురు కణాన్ని నేరుగా చంపవు. పక్కనే కఫం తయారుచేసే కణాలను రెచ్చగొడతాయి, అవి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, దానికి చీపురు కణం చస్తుంది. పొరుగింటివాడి చేత హత్య చేయించినట్టు! ఊడ్చే దిక్కు లేక కఫం పేరుకుంటుంది. దాన్ని బయటికి తోయడానికి ఒంటికి మిగిలిన దారి దగ్గొక్కటే.

కొత్త చీపుళ్లు మొలవడానికి వారాలు పడుతుంది. బాక్టీరియా పోయాక కూడా దగ్గు రెండు మూడు నెలలు సాగడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే ఇంత ఆలస్యంగా వాడిన యాంటీబయాటిక్ అమ్మ దగ్గును పెద్దగా తగ్గించదు. కానీ అమ్మ నుంచి పాపకు అంటకుండా ఆపుతుంది. ఈ తేడా తెలియక "మందు పనిచేయలేదు" అని మధ్యలో మానేస్తారు.

వరసగా దగ్గి ఊపిరి లోపలికి లాక్కునేటప్పుడు వచ్చే 'హూప్' శబ్దం పెద్దవాళ్లలో చాలాసార్లు వినపడదు. నెలలోపు పిల్లల్లోనూ వినపడకపోవచ్చు, అంత గట్టిగా గాలి పీల్చే బలం వాళ్లకుండదు. వాళ్లకు దగ్గే రాకపోవచ్చు. పాలు తాగుతూ తాగుతూ ఊపిరి ఆగుతుంది, పెదాలు నీలంగా మారతాయి. అది చూసి దిష్టి తీసేవాళ్లున్నారు, గాడిద పాలు పట్టేవాళ్లున్నారు. అలా కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఇక ఈ ఇంటి లెక్క. మందు వాడకపోతే దగ్గు మొదలైన మూడు వారాల దాకా ఇతరులకు అంటుతుంది. అమ్మకు ఇంకా మూడు రోజులే కదా అని ఆగడానికి లేదు. పాపకు తొలి టీకా ఆరో వారంలో, అంటే ఇంకా 17 రోజులుంది. ఆ ఒక్క డోసుతో పూర్తి రక్షణా రాదు. కాబట్టి ఈరోజే అమ్మను వేరే గదిలో ఉంచి, డాక్టరుకు చూపించాలి. ముక్కు వెనక నుంచి తీసిన నమూనాతో చేసే పీసీఆర్ పరీక్ష దగ్గు మొదలైన మొదటి మూడు వారాల్లో బాగా పనికొస్తుంది, ఇంకా సమయముంది. ఇంట్లో పసిపాప ఉంది కనుక రిజల్టు కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టమని డాక్టరు చెప్పవచ్చు, సాధారణంగా ఐదు రోజుల అజిత్రోమైసిన్. అమ్మ గుండెకు మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి కళ్లె పరీక్షతో టీబీ కూడా చూడమనండి.

ఇంట్లో మిగతావాళ్లకూ, పాపకూ ముందుజాగ్రత్తగా అదే మందు అవసరమా అని పిల్లల డాక్టరును అడగాలి. పాపకు సొంతంగా మాత్రం ఇవ్వకండి. చెల్లి పాలివ్వడం మానక్కర్లేదు, ఆమెకూ దగ్గుంటే మాస్కు పెట్టుకుని ఇవ్వాలి. గర్భం 27 నుంచి 36 వారాల మధ్య కోరింత దగ్గుకూ పనిచేసే టీడాప్ టీకా వేయించుకుని ఉంటే, ఆమె యాంటీబాడీలు పాపకు ముందే కొంత చేరి ఉంటాయి. ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు వేసే టీడీ టీకాలో కోరింత దగ్గు భాగం లేదు, కార్డు తీసి చూడండి. అమ్మకు ఇప్పుడు టీకా వేయిస్తే ఈ దగ్గుకేమీ ఉపయోగం లేదు.

ఐదు రోజుల మందు పూర్తయితే, ఇంకా దగ్గుతున్నా సరే, అమ్మ మళ్లీ మనవరాలిని ఎత్తుకోవచ్చు. పాపను మాత్రం, అమ్మ దగ్గర చివరిసారి ఉన్న రోజు నుంచి 21 రోజులు, పాలు తాగే తీరూ పెదాల రంగూ గమనిస్తూ ఉండాలి.