పెద్ద కంపెనీకి అమ్మకం: సంతకం ఎవరిది, కాగితం ఎవరిది? అపోహలు - వాస్తవాలు

శ్రీసిటీలోనో రేణిగుంట వైపో ఉన్న పెద్ద ఫ్యాక్టరీకి పాతిక లక్షల మిషన్ అమ్మాలంటే ఒక్కరిని ఒప్పిస్తే సరిపోదు. కనీసం ఆరేడుగురి చేతుల మీదుగా ఫైలు నడవాలి. సేల్స్ ట్రైనింగుల్లో దీనికి నాలుగు గడుల బొమ్మ గీయిస్తారు: డిసిషన్ మేకర్, ఇన్‌ఫ్లుయెన్సర్, యూజర్, బ్లాకర్. మన మాటల్లో చెప్పుకుంటే సంతకం పెట్టేవాళ్ళు, మాట చెల్లేవాళ్ళు, వాడేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు. బొమ్మలో తప్పేమీ లేదు. గడుల్లో పేర్లు రాసేసి పని అయిపోయిందనుకోవడంతోనే చిక్కంతా.

చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి ఒకే సరుకు పట్టుకుందాం: 75 కిలోవాట్ల వీఎఫ్‌డీ స్క్రూ కంప్రెసర్, అంటే గాలి అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చుకునే ఎయిర్ కంప్రెసర్. అమ్మేది తిరుపతి డీలరు, కొనేది శ్రీసిటీలోని ఒక పెద్ద ప్లాంటు, దాని హెడ్డాఫీసు చెన్నైలో. ధరలూ గంటలూ లెక్క కోసం వేసుకున్నవే.

అపోహ: ప్లాంట్ హెడ్ సరేనన్నారంటే ఆర్డరు వచ్చినట్టే.

వాస్తవం: ఆయన సరేనన్నది మిషన్ గురించి. డబ్బు గురించి సరేననే అధికారం ఆయనకు ఎంతవరకు ఉందో వేరే కాగితం చెబుతుంది. పెద్ద కంపెనీల్లో ఎవరు ఎంత మొత్తానికి సంతకం పెట్టొచ్చో రాసిన అధికారాల పట్టిక ఉంటుంది. రిపేరు ఖర్చుకు ఒక హద్దు, కొత్త ఆస్తి కొనడానికి, అంటే క్యాపెక్స్‌కు, ఇంకో హద్దు. క్యాపెక్స్ హద్దు చాలాచోట్ల చిన్నదిగానే ఉంటుంది. మన ప్లాంట్ హెడ్ హద్దు 10 లక్షలైతే, 26 లక్షల కంప్రెసర్ విషయంలో ఆయన సంతకం పెట్టేవాడు కాదు, మాట చెల్లేవాడు. సంతకం చెన్నైలో ఉంది.

"మీకు ఎంతవరకు పవర్ ఉంది సార్?" అని అడగకూడదు, అది చిన్నబుచ్చినట్టు ఉంటుంది. ఇలా అడిగితే హాయిగా చెబుతారు: "పోయినసారి ఇంత ఖరీదున్న మిషన్ కొన్నప్పుడు ఫైలు ఎక్కడెక్కడికి పోయింది సార్? ఎన్నాళ్ళు పట్టింది?" జరిగిన కొనుగోలు దారే జరగబోయేదానికీ దారి. ఇదే ప్రశ్న మెయింటెనెన్సు వాళ్ళను, పర్చేజు వాళ్ళను విడివిడిగా అడగండి. మూడు జవాబులూ కలవకపోతే, ఎక్కడ కలవలేదో అక్కడ మీకు తెలియని మనిషి ఒకరున్నారు.

జపాన్ కంపెనీలైతే ఇంకో సంగతి. ప్రతిపాదన కింది స్థాయిలో తయారై, ఒక్కో విభాగం ముద్ర వేయించుకుంటూ పైకి పోతుంది. ఈ పద్ధతిని రింగి అంటారు. పైన పడేది చివరి ముద్ర మాత్రమే. అసలు ఒప్పుదల అంతా అంతకుముందే కింద విడివిడిగా మాట్లాడుకోవడంలో జరిగిపోతుంది. అక్కడ నేరుగా ఎండీని కలిసి మురిసిపోతే, కింద కనీసం నలుగురు ముఖం తిప్పుకుంటారు.

అపోహ: వాడేవాళ్ళకు మన మిషన్ నచ్చింది, ఇక లోపల మన మనిషి ఉన్నట్టే.

వాస్తవం: మే నెల ఎండకు కంప్రెసర్ రూమ్ ఉడికిపోయి, పాత మిషన్ టెంపరేచర్ ట్రిప్ అయితే రాత్రి రెండు గంటలకు ఫోన్ వచ్చేది కంప్రెసర్లు చూసుకునే యుటిలిటీ ఇంజనీరుకే. ఆయనకు కొత్త మిషన్ కావాలి, నిజమే. "అన్నా, మీదే తీసుకుంటాం" అని మనసారానే అంటాడు. కానీ నచ్చడం వేరు, లోపల మన తరఫున మాట్లాడటం వేరు. తేడా మాటల్లో తెలియదు, పనిలోనే తెలుస్తుంది.

మూడు పనులు ఒకదాని తర్వాత ఒకటి అడగండి. మొదట, పాత కంప్రెసర్ వారం రోజుల లాగ్: ఎన్ని గంటలు లోడ్‌లో గాలి ఇచ్చింది, ఎన్ని గంటలు అన్‌లోడ్‌లో ఊరికే తిరిగింది. రెండోది, ఎలక్ట్రికల్ హెడ్‌తో అరగంట మాట్లాడించడం. మూడోది, ఆయన పైకి పంపే క్యాపెక్స్ నోట్ ముసాయిదా మీతో కూర్చుని చూడటం. మొదటిది ఇచ్చి రెండోదాని దగ్గర ఆగిపోతే ఆయనకు లోపల అంత పలుకుబడి లేదని అర్థం. అది ఆయన తప్పు కాదు. మొదటిదే రెండు వారాలైనా రాకపోతే, టీ తాగించే స్నేహితుడున్నాడు తప్ప లోపల మనిషి లేడు. నాలుగు గడుల బొమ్మ గీసుకున్న షీటులో "అనుకూలం" అన్న మాట పక్కన ఆయన చేసిన పని, తేదీ రాయలేకపోతే ఆ మాట కొట్టేయండి.

అపోహ: అడ్డుపడేది పర్చేజ్ వాళ్ళే.

వాస్తవం: పర్చేజ్ మేనేజరు అడ్డం మన కళ్ళ ముందే ఉంటుంది. మూడు కొటేషన్లు అడుగుతారు, ధర తగ్గించమంటారు, అడ్వాన్స్ కుదరదంటారు. అది ఆయన ఉద్యోగం. ఎంత మిగిల్చాడన్నదే ఆయన పనితీరు లెక్కలో ఉంటుంది కాబట్టి, ఆయనకు ఇవ్వడానికి ఏదో ఒకటి అట్టిపెట్టుకోవాలి. ముందే ప్లాంట్ హెడ్ దగ్గర ఆఖరి ధర చెప్పేస్తే పర్చేజ్‌కు మిగిలేది కోపమే. వెండర్ కోడ్ కాగితాలు, అంటే పాన్, జీఎస్టీ, క్యాన్సిల్డ్ చెక్కు లాంటివి, ధర మాటలు మొదలుకాకముందే ఇచ్చేయడం మేలు. పర్చేజ్ సంగతి ఇంతే.

అసలు కష్టం మాట్లాడని అడ్డంతోనే. మన ఉదాహరణలో అలాంటివాళ్ళు ఇద్దరు.

మొదటివాళ్ళు ఎలక్ట్రికల్ హెడ్. మీటింగులకు రారు, అడిగితే "చూద్దాం" అంటారు. మూడో వారంలో స్పెసిఫికేషన్‌లో "ఫిక్స్‌డ్ స్పీడ్ మోడల్ మాత్రమే" అని కొత్త లైను కనబడుతుంది. ఎవరు చేర్చారో ఎవరూ చెప్పరు. గుర్తులు ఇలాగే ఉంటాయి: ఒకే తేదీ రెండుసార్లు జరగడం, ప్రశ్న వేరేవాళ్ళ నోటి గుండా రావడం, ఆలస్యంగా కొత్త షరతు పుట్టడం. ఇక్కడ ఆయన భయానికి కారణముంది. వీఎఫ్‌డీ డ్రైవులు కరెంటు సప్లైలోకి హార్మోనిక్స్, అంటే కరెంటు తరంగాన్ని వంకర చేసే అదనపు ఫ్రీక్వెన్సీలు, వదులుతాయి. వాటివల్ల కెపాసిటర్లు వేడెక్కినా, పక్క లైన్‌లో సున్నితమైన కంట్రోలర్లు మొరాయించినా జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. కంప్రెసర్ వల్ల కరెంటు ఆదా అయితే పేరు మాత్రం యుటిలిటీ వాళ్ళకు వస్తుంది. లాభం ఒకరిది, ముప్పు ఇంకొకరిది. అలాంటి చోట అడ్డుపడకపోతేనే వింత.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ప్లాంట్ హెడ్‌కు ఫిర్యాదు చేయడం. ఆయన ఆ మెయిల్‌ను "మీ అభిప్రాయం?" అని ఎలక్ట్రికల్ హెడ్‌కే పంపిస్తారు, అక్కడితో తలుపు మూసుకుంటుంది. చేయాల్సింది వేరు. టెక్నికల్ మీటింగుకు ముందే, పదిమంది ముందు కాకుండా ఆయన సీటు దగ్గరే కలవాలి. ఇప్పుడున్న ప్యానెల్ దగ్గర హార్మోనిక్స్ కొలిచి రిపోర్టు ఇస్తామనాలి. వాటిని తగ్గించే లైన్ రియాక్టర్ కానీ ఫిల్టర్ కానీ అవసరమైతే కొటేషన్‌లో విడిగా చూపించాలి. మిషన్ పెట్టాక మళ్ళీ కొలిచి, ఒప్పుకున్న హద్దు దాటితే సరిచేసేదాకా ఆఖరి విడత డబ్బు అడగబోమని రాసివ్వాలి. ఆ హద్దు ఎంతో ఆయన చేతనే రాయించాలి. తన షరతు కాగితం మీద ఉంది కాబట్టి ఇక దాన్ని ఇంకెక్కడో దొంగచాటుగా చేర్చే పని ఆయనకు ఉండదు.

రెండోవాళ్ళు చెన్నైలోని ఫైనాన్స్. వాళ్ళను మీరు ఎప్పుడూ చూడరు. వాళ్ళకు అందేది ఒక పేజీ. పెట్టుబడి 3 ఏళ్ళలో తిరిగి రావాలన్నది కంపెనీ నియమం అనుకుందాం.

ఇప్పుడు లెక్క. పాత మిషన్ ఏడాదికి 7,200 గంటలు నడుస్తుంది. లాగ్ ప్రకారం అందులో 40 శాతం, అంటే 2,880 గంటలు, గాలి ఇవ్వకుండా ఊరికే తిరుగుతోంది. అలా తిరిగేటప్పుడు కూడా సుమారు 25 కిలోవాట్లు తింటుంది. అది 72,000 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 5.76 లక్షలు. వీఎఫ్‌డీ పెట్టినా అదంతా మిగలదు, డ్రైవులోనూ కొంత పోతుంది. నాలుగో వంతు తీసేస్తే చేతికొచ్చేది ఏడాదికి దాదాపు 4.3 లక్షలు. 26 లక్షలు తిరిగి రావడానికి 6 ఏళ్ళు. ఫైనాన్స్ కొట్టేస్తుంది, కొట్టేయడమే న్యాయం కూడా.

కానీ అక్కడ అడగాల్సిన ప్రశ్న "కొనాలా వద్దా" అన్నది కాకపోవచ్చు. పాత మిషన్ 40,000 గంటలు దాటి, ఎలాగూ మార్చాల్సిందే అయితే, ఫిక్స్‌డ్ స్పీడ్ మిషన్‌కైనా 19 లక్షలు పెట్టక తప్పదు. అప్పుడు వీఎఫ్‌డీ కోసం అదనంగా పెట్టేది 7 లక్షలే. 4.3 లక్షల ఆదాతో అది 20 నెలల్లో వచ్చేస్తుంది. నియమం లోపలే ఉంది.

ఈ రెండో లెక్క నిలబడాలంటే "పాత మిషన్ మార్చక తప్పదు" అని ఎవరో ఒకరు సంతకం పెట్టి రాయాలి. అమ్మేవాళ్ళు రాస్తే ఫైనాన్స్ నమ్మదు. మిషన్ వాడేవాళ్ళే, అంటే మెయింటెనెన్స్ విభాగమే, ట్రిప్‌ల రికార్డు, రిపేరు ఖర్చు జతచేసి రాయాలి. నిజంగా మార్చాల్సిన అవసరం లేకపోతే ఈ లెక్క వేయకండి. ఏడాది తర్వాత ఆడిట్‌లో ఇరుక్కునేది అది రాసిన ఇంజనీరే, ఆయన మళ్ళీ మీ ఫోన్ ఎత్తడు.

అంటే యూజర్ రాసిన కాగితమే బ్లాకర్‌కు కావాల్సిన కాగితం. నాలుగు గడుల బొమ్మలో ఈ సంగతి కనబడదు. అందుకే షీటులో పేరు, పాత్ర రాశాక ఇంకో మూడు గడులు గీయండి: ఈ కొనుగోలు వల్ల ఈ మనిషికి పోయేదేమిటి, ఈయన ఒప్పుకోవడానికి ఏ కాగితం కావాలి, ఆ కాగితం రాయాల్సింది ఎవరు. చివరి గడిలో మీ పేరే ఎక్కువసార్లు కనిపిస్తే ఫైలు ఇంకా లోపల నడవడం లేదని గ్రహించాలి, బయటి నుంచి మీరు తోస్తున్నారంతే.

అపోహ: ఒకసారి గీసిన మ్యాప్ ఆర్డరు దాకా పనికొస్తుంది.

వాస్తవం: ఇలాంటి ఫైలు నాలుగైదు నెలలు నడుస్తుంది. ఈలోగా మార్చి దాటితే బడ్జెట్ మారుతుంది. మనుషులూ మారతారు. కొత్త ప్లాంట్ హెడ్ వస్తే, పాతాయన ఒప్పుకున్నారన్న మాట ఆయన దగ్గర ఎత్తకపోవడమే మంచిది. ఆయన సంతకం లేని ఫైలును ఆయన కొత్తగానే చూస్తారు. ధర మారినా పాత్రలు మారిపోతాయి. ఫిల్టరు, పైపింగు కలిసి మొత్తం 26 నుంచి 31 లక్షలైతే, 30 లక్షల హద్దున్న చెన్నై మనిషి కూడా మాట చెల్లేవాడిగా మిగిలిపోతాడు, సంతకం ఇంకో మెట్టు పైకి పోతుంది. కాబట్టి కొటేషన్ సవరించిన ప్రతిసారీ, పంపేముందే, ఆ కొత్త మొత్తానికి సంతకం ఎవరిదో మళ్ళీ అడిగి తెలుసుకోండి. పైపింగును ప్లాంటు తన సివిల్ బడ్జెట్‌లోంచి చేయించుకోగలదా అన్న ప్రశ్న కూడా అప్పుడే అడగాలి. వాళ్ళ నియమాలు ఒప్పుకుంటేనే సుమా! హద్దు తప్పించుకోవడానికి ఒకే పనిని రెండు ఆర్డర్లుగా ముక్కలు చేయడాన్ని చాలా కంపెనీలు నిషేధిస్తాయి.