కారం హిందీకి వెళ్తే: నినాదాల్లో శ్లేష గురించి అపోహలు – వాస్తవాలు

"మా కారంలోనే మమకారం." గుంటూరు మిరపకాయ ఆడించి ప్యాకెట్లు కట్టే ఒక కంపెనీ నినాదం ఇది అనుకుందాం. సరుకు ఇప్పుడు భోపాల్, కాన్పూర్ కొట్లకు వెళ్లాలి, దాంతోపాటు నినాదం కూడా. ఇలా నినాదాన్ని హిందీలోకి మార్పించుకునేవాళ్లు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: "మమకారం సంస్కృతమే కదా, హిందీలోనూ ఉంటుంది. అలాగే ఉంచేయండి."

ఉంటుంది, కానీ ప్రవచనాల్లో. అహంకార్, మమకార్ అని జంటగా, వదిలించుకోవాల్సిన గుణాల్లా వినిపిస్తుంది. అమ్మ ప్రేమకు వాళ్లు 'మమతా' అంటారు. ఇక కారం అయితే అసలే లేదు. 'కార్' అంటే రోడ్డు మీద వెళ్లేది, దగ్గరగా వినిపించే 'ఖారా' అంటే ఉప్పన. పైగా మనకు రుచి పేరు, పొడి పేరు ఒకటే. హిందీలో రుచి 'తీఖా', పొడి 'లాల్ మిర్చ్'. అంటే శ్లేషలోని రెండు ముక్కలూ పోయాయి. మిగిలింది సరుకు, దాని వెనకున్న ఆప్యాయత. వాటితోనే మళ్లీ మొదలుపెట్టాలి.

అపోహ: "శ్లేష బతకాలంటే తెలుగులో ఎలా కట్టారో హిందీలోనూ అలాగే కట్టాలి."

ఎక్కువగా పని చెడేది ఇక్కడే. మన నినాదంలో మమకారాన్ని విరిస్తే లోపల కారం దొరుకుతుంది. అలంకారశాస్త్రం భాషలో చెప్పాలంటే సభంగ శ్లేష పద్ధతి. హిందీలోనూ పెద్ద మాటలో చిన్న మాట దాచాలని పట్టుబడితే 'లాలచ్' దొరుకుతుంది, అందులో 'లాల్' ఉంది. "లాల్ కా లాలచ్" అని పెడితే చెవికి బాగుంటుంది, కట్టడమూ అచ్చం అదే. కానీ లాలచ్ అంటే అత్యాశ. అమ్మ చేతి వంటను గుర్తుచేయాల్సిన ప్యాకెట్ దురాశ గురించి మాట్లాడుతుంది. 'మిర్చీ'తో ఆడబోయినా ఇబ్బందే: 'మిర్చీ లగ్నా' అంటే ఒళ్లు మండటం, 'మిర్చ్ మసాలా లగానా' అంటే ఉన్నదానికి లేనిది కలపడం. రెండోది కారప్పొడి కంపెనీకి ఎంత మాత్రం పనికిరాదో చెప్పక్కర్లేదు!

నేనైతే కట్టడాన్ని వదిలేసి, నినాదం చేయాల్సిన పనిని పట్టుకుంటాను. లాల్ అంటే ఎరుపు. లాల్ అంటే ముద్దుల కొడుకు కూడా. అమ్మలు 'మేరే లాల్' అని పిలుస్తారు. ఇక్కడ మాట విరవక్కర్లేదు, ఒక్క మాటే రెండర్థాలిస్తుంది. "హర్ మాఁ కా ప్యారా లాల్": ప్రతి అమ్మకూ ఇష్టమైన ఎరుపు, ప్రతి అమ్మ ముద్దుబిడ్డ. కట్టడం మారింది, కారంలో ప్రేమ నిలిచింది. అయితే 'మాఁ' బదులు 'మాయీ' పెడితే 'మాయీ కా లాల్' అవుతుంది. అది "ఎవడైనా మగాడుంటే రండి" అని తొడగొట్టేటప్పుడు వాడే మాట.

అపోహ: "శ్లేష దొరికింది, పని అయిపోయింది."

కాలేదు. తెలుగు నినాదం ఘాటును గుర్తుచేస్తుంది, హిందీది రంగును. వాగ్దానమే మారిపోయింది. గుంటూరు సన్నం కాయ ఘాటుకు పేరు. ముదురు ఎరుపుకు పేరు బ్యాడగి, కశ్మీరీ రకాలది. ప్యాకెట్లో ఉన్నది ఘాటైన పొడి అయితే, రంగు చూసి కొన్న ఇల్లాలు రెండోసారి కొనదు. ఇంకొకటి, కారప్పొడిలో రంగు కలపడం ఆహార భద్రత నిబంధనలకు విరుద్ధం. ఎరుపును మరీ గట్టిగా పొగిడితే కొనేవాళ్లకు ఆ అనుమానమే ముందు వస్తుంది. అందుకే 'లాల్' పక్కన 'గాఢా', 'చటక్' లాంటి రంగు విశేషణాలు చేర్చను, 'ప్యారా' దగ్గర ఆపేస్తాను. కొడుకు అర్థాన్ని నిలబెట్టేది కూడా ఆ మాటే.

లోటు ఒకటి ఉంది. మమకారానికి ఆడపిల్ల, మగపిల్లాడు తేడా లేదు. లాల్ మాత్రం కొడుకే. ఈ సంగతి కంపెనీవాళ్లకు ముందే చెప్పాలి. వద్దంటే శ్లేష వదులుకుని 'మమతా' చుట్టూ మామూలు వాక్యం రాయడమే మేలు.

అపోహ: "ప్యాకెట్ మీద బాగుంటే రేడియోలోనూ బాగుంటుంది."

తెలుగు నినాదానికి ఇది నిజం, రెండు మాటలూ చెవినే పడతాయి. హిందీ దానికి కాదు. ఎర్ర పొడి కంటికి కనబడకపోతే వినేవాడికి కొడుకు ఒక్కడే తడతాడు. రేడియోలో 'లాల్ మిర్చ్' అనే మాట నినాదానికి ముందు వాక్యంలోనే పడాలి.

అపోహ: "హిందీ వాక్యం ఒక్కటి పంపితే చాలు."

ఒప్పుకోవాల్సిన మేనేజరుకు హిందీ నుడికారం తెలియకపోవచ్చు. ఒక్కో ప్రత్యామ్నాయం కింద మూడు వరుసలు రాసిస్తాను: మాటకు మాట తెలుగు, లోపలి రెండో అర్థం, పోయిందేమిటి. "లాల్ కా లాలచ్" కూడా ఆ కాగితంలో ఉంటుంది, ఎందుకు వద్దో రాసి. లేకపోతే వారం తర్వాత వాళ్లలో ఎవరో ఒకరు అదే కొత్తగా తట్టినట్టు ఫోన్ చేస్తారు.