మినిట్స్ రాయడం: అపోహలు, వాస్తవాలు (శివారుకి రెండు రోజులు తగ్గిన కథ)

సాగునీటి శాఖ సబ్ డివిజన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో ఏ ఫైలు ముట్టుకున్నా నాకు చేతులు వణికేవి. మినిట్స్ పుస్తకం ఇస్తే మాత్రం ధైర్యంగా ఉండేది. దస్తూరీ బాగుంటుందని చిన్నప్పటినుంచీ పేరు. మీటింగులో ఓ మూల కూర్చుని నాలుగు ముక్కలు రాసుకోవడం, తర్వాత వాటిని పుస్తకంలోకి అందంగా ఎక్కించి సంతకాలు పెట్టించడం, ఇంతే కదా అనుకునేవాణ్ణి. ఆ ఏడాది దాళ్వాలో, అంటే రబీ వరి పంటలో, జరిగింది చెబితే, ఈ పని మీద ఉన్న అపోహలు వేరే వెతుక్కోనక్కర్లేదు. అన్నీ నాకే ఉండేవి.

అపోహ: నిర్ణయం సారాంశం రాస్తే చాలు, వివరాలు మీటింగులో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

డెల్టా వాళ్లకి వంతుల సంగతి చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల కోసం రెండు మాటలు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి నీళ్లు వెళతాయి. దాళ్వా రోజుల్లో గోదావరిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోయి, సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. అవీ చాలనప్పుడు కాలువ మీద వంతులు పెడతారు. ఎగువ తూములు కొన్నాళ్లు మూసి కాలువ చివర ఉన్న శివారుకి, తర్వాత శివారు ఆపి ఎగువకి.

ఆ ఫిబ్రవరి ఆఖర్లో మా ఆఫీసులో వంతుల మీటింగు జరిగింది. మా సబ్ డివిజన్ ఇంజనీరు డీఈ గారి అధ్యక్షత. ఆయన కింది ఇంజనీరు ఏఈ గారు, నీటి సంఘాల అధ్యక్షులు, కొందరు రైతులు. చేలు చిరుపొట్ట దశలో ఉన్నాయి. ఆ దశలో తడి తప్పితే గింజకి దెబ్బని అందరికీ తెలుసు కాబట్టి గొంతులు లేచాయి. శివారు వాళ్లు అయిదు రోజులు అడిగారు. ఎగువ వాళ్లు మూడంటే మూడన్నారు. గంటన్నర తర్వాత డీఈ గారు తేల్చారు: "శుక్రవారం పొద్దున్న ఆరింటికి ఎగువ తూములు మూసేద్దాం. శివారుకి నీళ్లు చేరాక నాలుగు రోజులు లెక్క. తర్వాత ఎగువకి నాలుగు."

నా చిత్తు కాగితం మీద ఇలా రాసుకున్నాను: "శుక్ర. ఉ. 6. శివారు 4 రో. (చేరాక)."

సాయంత్రం సాపు రాస్తూ ఆ బ్రాకెట్టు చూశాను. ముద్దుగా లేదనిపించింది. పుస్తకంలోకి ఎక్కింది ఇది:

"తీర్మానం 3: శుక్రవారం ఉదయం 6 గంటల నుండి శివారు ఆయకట్టుకు 4 రోజులు, తదుపరి ఎగువ ఆయకట్టుకు 4 రోజులు నీరు ఇచ్చుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

చదవడానికి శుభ్రంగా ఉంది. డీఈ గారు క్యాంపుకి వెళ్లే తొందరలో సంతకం చేశారు. కాపీలు వెళ్లిపోయాయి.

శుక్రవారం తూములు మూశారు. కానీ కాలువ అప్పటికే అడుగంటి ఉంది. దానికి తోడు దారిలో ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడుకునేవాళ్లు తోడుకున్నారు. ఆఖరి వంతెన దగ్గర నీటిమట్టం చూపే గేజికి నీళ్లు ఎక్కేసరికి ఆదివారం తెల్లారింది. మంగళవారం ఉదయం ఆరింటికి, తూములు ఎత్తి దింపే లస్కరు కాగితం ప్రకారం ఎగువ తూములు ఎత్తేశాడు. నాలుగు రోజులకి గాను శివారుకి దక్కింది రెండు.

ఇందులో లస్కరు తప్పు ఏమీ లేదు. అతను మీటింగుకి రాలేదు. అతని చేతిలో ఉన్నది నా వాక్యం ఒక్కటే. అసలు వాస్తవం ఇక్కడే ఉంది: మినిట్స్ చదివి పని చేసేవాడు చాలాసార్లు మీటింగులో లేని మనిషే అవుతాడు. ఇప్పుడు ఏ తీర్మానం రాసినా ఒక పరీక్ష పెడతాను. మీటింగుకి రాని వాళ్లెవరికైనా, మా అటెండరుకైనా సరే, ఆ వాక్యం చదివి వినిపించి "దీన్నిబట్టి నువ్వు ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం చేస్తావు?" అని అడుగుతాను. అతను మళ్లీ నన్నేదైనా ప్రశ్న వేశాడంటే వాక్యంలో కన్నం ఉన్నట్టు. రోజుల లెక్క ఉన్న తీర్మానంలో ఆ కన్నం దాదాపు ఎప్పుడూ మొదలు దగ్గర గానీ "వరకు" అన్న మాట దగ్గర గానీ ఉంటుంది. "మంగళవారం వరకు" అంటే ఒకరికి మంగళవారం పొద్దున్న, ఇంకొకరికి మంగళవారం అర్ధరాత్రి. కాలువ మీద ఆ తేడా ఎన్ని ఎకరాల తడో రైతుని అడగండి.

అపోహ: "ఏకగ్రీవంగా" అన్నది మర్యాద మాట, రాసేయొచ్చు.

మంగళవారం రాత్రికి శివారు రైతులు టార్చిలైట్లతో వచ్చి ఎగువ తూములు రెండు దింపేశారు. ఎగువ వాళ్లు వచ్చి ఎత్తారు. తోపులాట జరిగింది. తెల్లారి రెండు వైపులవాళ్లూ మా ఆఫీసు వరండాలో ఉన్నారు.

"నీళ్లొచ్చాక నాలుగు రోజులన్నారు కదండీ, మేం చెవుల్తో విన్నాం" అన్నారు శివారు వాళ్లు. ఎగువ సంఘం అధ్యక్షుడు కాపీ తీసి చదివాడు. ఆయన అక్కడితో ఆగలేదు: "అసలు నాలుగుకి నేనెక్కడ ఒప్పుకున్నానండీ? మూడే అన్నాను. ఇందులో ఏకగ్రీవం అని ఎలా రాశారు?"

నిజమే, ఆయన ఒప్పుకోలేదు. పాత పుస్తకాల్లో ప్రతి తీర్మానం చివరా ఆ మాట ఉంటుంది కాబట్టి అలవాటుగా రాశాను. అభ్యంతరం చెప్పినవాళ్లుంటే ఒక్క వాక్యం చాలు: "ఎగువ సంఘం అధ్యక్షులు 3 రోజులు చాలునని అభిప్రాయం తెలిపారు." ఆయన ఎందుకలా అన్నారు, ఎంత గట్టిగా అన్నారు, మధ్యలో ఎవరు లేచి వెళ్లబోయారు, ఇవన్నీ మినిట్స్‌లోకి రానక్కర్లేదు. కానీ ఒప్పుకోని మనిషి చేత ఒప్పించినట్టు రాస్తే, ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా పేజీ అంతా అబద్ధమనే హక్కు ఆయనకి మనమే ఇచ్చినట్టు.

అపోహ: పొరపాటు దొరికితే పుస్తకంలో దిద్దేస్తే సరి.

ఇది రాయడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంది. వరండాలో గొడవ జరుగుతుంటే నేను లోపల పుస్తకం తెరిచాను. వరసల మధ్య ఖాళీ ఉంది. అదే పెన్ను. "నీరు చేరినప్పటి" అన్న మాటలు ఇరికించడానికి అర నిమిషం పట్టదు. పైగా అదే నిజం కూడా!

మా సీనియర్ అసిస్టెంటు మేడం చూసింది. కోప్పడలేదు. "ఆ కాపీలు ఎన్ని చోట్లకి వెళ్లాయో లెక్కపెట్టు బాబూ" అంది. ఏఈ గారికి, తహశీల్దారు ఆఫీసుకి, పోలీస్ స్టేషనుకి, సంఘాల అధ్యక్షులకి, లస్కర్లకి. పుస్తకంలో ఒకటీ, కాపీల్లో ఒకటీ ఉంటే, నిన్నటిదాకా పొరపాటుగా ఉన్నది ఇవాళ్టి నుంచి దొంగ రాత అవుతుంది.

మేడం ఆ రోజు చెప్పిన పద్ధతే ఇప్పటికీ పాటిస్తున్నాను. సంతకాలు కాకముందు తప్పు కనిపిస్తే, పాత మాట చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పైన సరైన మాట రాసి, పక్కన అధ్యక్షుల చేత పొట్టి సంతకం పెట్టించాలి. వైట్‌నరు, దిద్ది రాయడం పనికిరావు. సంతకాలు అయిపోయాక ఆ పేజీ ముట్టుకోకూడదు. మళ్లీ సమావేశం పెట్టి, పాత తీర్మానం నంబరు, తేదీ చెప్పి, అందులో ఇలా నమోదైంది, దాన్ని ఇలా సవరిస్తున్నాం అని కొత్త తీర్మానం చేసి, పాత కాపీలు ఎవరెవరికి వెళ్లాయో వాళ్లందరికీ ఇదీ పంపాలి. పేజీ చివర ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టాలి. నాలాంటివాళ్లకి చేయి దురద పుట్టకుండా అన్నమాట.

"మరి డీఈ గారు 'చేరాక' అన్నారని రుజువేంటి?" అని మేడం అడిగింది. చిత్తు కాగితం అదృష్టవశాత్తూ సొరుగులోనే ఉంది. పాత క్యాలెండరు వెనకవైపు, టీ మరకతో సహా. డీఈ గారు దాన్ని చూసి, "అవును, నేనన్నది ఇదే" అన్నారు. చిత్తు రాతకి పుస్తకానికున్న విలువ లేదు. అయినా తర్వాతి సమావేశంలో మినిట్స్ చదివి ఖాయం చేసేదాకా దాన్ని పారేయకూడదు.

అపోహ: "చర్యలు తీసుకొనుటకు తీర్మానించడమైనది" అంటే సరిపోతుంది.

ఆఫీసు తెలుగులో కర్త కనపడడు. నీరు ఇచ్చుటకు, తూములు మూయుటకు, నిఘా ఉంచుటకు. ఎవరు? నా తీర్మానంలో ఆయిల్ ఇంజన్ల ఊసే లేదు. దాని ముందు తీర్మానంలో మాత్రం "అక్రమ ఇంజన్లపై చర్యలు తీసుకొనుటకు" అని ఉంది. ఏఈ గారు అది రెవెన్యూ వాళ్ల పని అనుకున్నారు, వాళ్లు ఇరిగేషన్ వాళ్ల పని అనుకున్నారు. చదివితే ఇద్దరిదీ సబబే. మనిషి పేరు అక్కర్లేదు, హోదా చాలు. వాక్యం "ఏఈ గారు" అనో "లస్కరు" అనో మొదలైతే క్రియ దానంతటదే సరిగ్గా వచ్చి కూర్చుంటుంది.

అపోహ: సంతకాలకి ముందు చదివి వినిపించడం టైము దండగ.

బుధవారం మధ్యాహ్నమే డీఈ గారు అత్యవసరంగా సమావేశం పెట్టారు. శివారుకి తగ్గిన రెండు రోజులు వెంటనే ఇవ్వాలని, ముందు ముందు వంతులన్నీ నీళ్లు చేరినప్పటినుంచే లెక్కపెట్టాలని నిర్ణయమైంది. ఈసారి నేను అక్కడే రాసి, లేచి నిలబడి చదివాను:

"తీర్మానం 1: గత తీర్మానం 3లో 'శుక్రవారం ఉదయం 6 గంటల నుండి' అని నమోదైనది. దానిని 'శివారుకు నీరు చేరినప్పటి నుండి' అని సవరించడమైనది."

వెనక వరసలోంచి తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన ఒకరు చెయ్యెత్తారు. "ఆయ్, బాగానే ఉందండీ. చేరడమంటే ఏంటండీ? కాలువలో తడి కనపడితే చేరినట్టా? మా బోదెలోకి ఎక్కితే చేరినట్టా?"

ఎవరూ మాట్లాడలేదు. డీఈ గారు ఏఈ గారి వైపు చూశారు. ఆఖరి వంతెన గేజి అడుగున్నర చూపిస్తే చేలకి వెళ్లే బోదెల్లోకి నీళ్లు ఎక్కుతాయని ఏఈ గారు చెప్పారు. పెద్దాయన కాసేపు ఆలోచించి తల ఊపారు. ఎగువ అధ్యక్షుడు, గేజి ఎవరు చూస్తారు, మా మనిషి కూడా ఉండాలి కదా అన్నారు. అదీ న్యాయమే.

"శివారుకు నీరు చేరినప్పటి" అన్న మాటల మీద ఒకే గీత కొట్టాను. పైన రాశాను: "ఆఖరి వంతెన గేజి అడుగున్నర చూపిన గంట". కింద ఇంకో వాక్యం చేర్చాను: "ఆ గంటను లస్కరు, ఇరు సంఘాల నుండి ఒక్కొక్కరు కలిసి చూసి రిజిస్టరులో సంతకం చేయవలెను." డీఈ గారు పక్కన పొట్టి సంతకం పెట్టారు. పేజీ మునుపటి అంత అందంగా లేదు. మళ్లీ మొదటినుంచి చదవమని పెద్దాయన అడిగితే, చదివాను.